గెస్ట్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్: జర్మనీకి కొత్తగా వచ్చిన విద్యార్థులకు

మా ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్న తమ్ముడొకడు గత వారం రెండు సాయంత్రాలు రౌటర్ ముందు కూర్చుని విసిగిపోయాడు. తన డెస్క్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ మీద ఉబుంటు సర్వర్‌ను గెస్ట్‌గా, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్‌గా నడుపుతున్నాడు. ల్యాప్‌టాప్ నుంచి దానిలోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లాలి, కానీ దాని అడ్రస్ రోజుకొకటిగా మారుతోంది. రౌటర్ పేజీలో "Gastzugang" అన్న మాట కనిపించేసరికి, గెస్ట్‌కు సంబంధించినది ఇదే కాబోలు అనుకొని డెస్క్‌టాప్‌నే ఆ నెట్‌వర్క్‌లో చేర్చాడు. అది ఇంటికి వచ్చిన చుట్టాల ఫోన్ల కోసం విడిగా ఉంచిన వైఫై. ఫ్రిట్జ్‌బాక్స్ అనే ఈ రౌటర్‌లో దానికి 192.168.179తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తాయి, అక్కడి నుంచి ఇంటిలోని మిగతా పరికరాలు కనిపించవు. ఒక్క మాట అడిగి ఉంటే రెండు నిమిషాల్లో చెప్పేవాడిని.

అయితే నేనేమీ అంతకంటే తెలివిగా మొదలుపెట్టలేదు. వచ్చిన తొలి నెలల్లో గెస్ట్ లోపలే చేత్తో ఒక అడ్రస్ రాసేశాను. ఇండియాలో అలవాటైన 192.168.1.50 ఇక్కడ పని చేయలేదు, ఎందుకంటే ఫ్రిట్జ్‌బాక్స్ ఇంటి నెట్‌వర్క్ మామూలుగా 192.168.178తో మొదలవుతుంది. సరేనని 192.168.178.25 రాశాను, అదీ తప్పే. రౌటర్ తనంతట తాను పంచిపెట్టే అడ్రస్‌లు సాధారణంగా 20 నుంచి 200 వరకు ఉంటాయి. నేను 25ను ఆక్రమించుకున్న సంగతి రౌటర్‌కు తెలియదు కనుక, అదే అడ్రస్‌ను పక్క గది వారి టీవీకి ఇచ్చింది. ఆ టీవీ సినిమా మధ్యలో ఆగిపోవడం, నా ఎస్ఎస్‌హెచ్ తెగిపోవడం ఒకేసారి జరిగేవి. కారణం తెలిసే లోపు వారం గడిచింది, ఇంట్లో నాకు చెడ్డపేరూ వచ్చింది.

అందుకే గెస్ట్ లోపల డీహెచ్‌సీపీని, అంటే అడ్రస్‌ను రౌటర్ నుంచే తీసుకునే పద్ధతిని అలాగే ఉంచి, ఫలానా మ్యాక్ అడ్రస్ అనే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు గల పరికరానికి ఎప్పుడూ ఫలానా ఐపీ అడ్రస్సే ఇవ్వాలని రౌటర్‌లో నమోదు చేయడం మేలు. పంచేది, కేటాయించేది ఒకరే కాబట్టి గొడవ ఉండదు. ఇంటి రౌటర్ సాధారణంగా ప్రధాన అద్దెదారు చేతిలో ఉంటుంది కనుక, ముందు వారిని అడిగి పాస్‌వర్డ్ తీసుకోండి. పెట్టె అడుగున ముద్రించి ఉంటుంది కదా అని అడగకుండా వాడకండి.

ఇక్కడ నేను పదే పదే చెప్పే ఒకే ఒక్క ప్రశ్న ఉంది: మీరు నమోదు చేస్తున్న మ్యాక్ ఎవరిది? డెస్క్‌టాప్‌కు ఒక మ్యాక్ ఉంటుంది, దాని లోపలి గెస్ట్‌కు మరొకటి ఉంటుంది. వర్చువల్‌బాక్స్ సృష్టించే గెస్ట్ మ్యాక్ మామూలుగా 08:00:27తో, వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన కేవీఎంలో 52:54:00తో మొదలవుతుంది. మీరు రాసుకున్న అంకెలు మరోలా మొదలైతే, అది డెస్క్‌టాప్ మ్యాక్ అయ్యే అవకాశమే ఎక్కువ. గెస్ట్ లోపల ఈ కమాండ్ ఇస్తే అసలుది తెలుస్తుంది:

```
ip link show enp0s3
```

అయితే మ్యాక్ సరైనదైనంత మాత్రాన చాలదు, అది రౌటర్ కంట పడాలి. వర్చువల్‌బాక్స్ మొదట గెస్ట్‌ను "NAT" పద్ధతిలో కలుపుతుంది. అప్పుడు గెస్ట్‌కు 10.0.2.15 వంటి అడ్రస్‌ను రౌటర్ కాక వర్చువల్‌బాక్సే ఇస్తుంది, బయటికి వెళ్లే ప్రతిదీ డెస్క్‌టాప్ పేరు మీదే వెళుతుంది. అలాంటప్పుడు రౌటర్‌లో ఎంత శ్రద్ధగా నమోదు చేసినా ఉపయోగం లేదు. గెస్ట్‌ను ఆపి, నెట్‌వర్క్ సెట్టింగ్‌లో "Bridged Adapter" ఎంచుకొని, డెస్క్‌టాప్‌కు కేబుల్ తగిలించిన కార్డును చూపించాలి.

కేబుల్ అని ఊరికే అనలేదు. వైఫైలో యాక్సెస్ పాయింట్ తనతో అనుసంధానమైన ఒక్క మ్యాక్‌నే గుర్తిస్తుంది, ఆ పరికరం వెనుక మరొక మ్యాక్ దాగి ఉండటాన్ని అంగీకరించదు. అందుచేత వర్చువల్‌బాక్స్ వైఫై మీద గెస్ట్ మ్యాక్ స్థానంలో హోస్ట్ అయిన డెస్క్‌టాప్ మ్యాక్‌ను పెట్టి పంపుతుంది. రౌటర్ జాబితాలో ఒకే మ్యాక్‌కు రెండు ఐపీలు కనిపిస్తే జరిగింది ఇదే. ఆ స్థితిలో కేటాయింపు ఒక రోజు పని చేసి మరునాడు చేయకపోవచ్చు. ఆరు యూరోల కేబుల్‌కు వెనకాడి నేను పోగొట్టుకున్న రాత్రులు మీరు పోగొట్టుకోకండి.

మా తమ్ముడి విషయంలో మిగిలిన పని చిన్నదే. కేబుల్ తగిలించి, బ్రిడ్జ్‌కు మార్చి గెస్ట్‌ను ఒకసారి నడిపించాం. ఫ్రిట్జ్‌బాక్స్ పేజీలో "Heimnetz", ఆ కింద "Netzwerk" తెరవగా, 08:00:27:3c:9a:51 అనే మ్యాక్‌తో గెస్ట్ జాబితాలోకి వచ్చింది. దాని పక్కనున్న పెన్సిల్ గుర్తును నొక్కి, జాబితాలో మరెవరికీ లేని 192.168.178.50ను రాసి, ఎల్లప్పుడూ ఇదే IPv4 అడ్రస్ ఇవ్వాలన్న అర్థం గల జర్మన్ వాక్యం పక్కన టిక్ పెట్టి భద్రపరిచాం. పాత అడ్రస్ గడువు ఇంకా ముగియదు కాబట్టి మార్పు వెంటనే కనిపించకపోవచ్చు. గెస్ట్‌ను మళ్లీ మొదలుపెట్టి `ip -4 addr` ఇచ్చినప్పుడు 50 కనిపించింది.

అంతా అయిందనుకొని వాడు లేవబోతుంటే కూర్చోబెట్టాను, ఎందుకంటే నా అసలు భయం ఇక్కడే ఉంది. ఈ గెస్ట్‌ను రేపు కొత్త కంప్యూటర్‌కు తరలించినా, క్లోన్ చేసినా వర్చువల్‌బాక్స్ మ్యాక్ విషయం అడుగుతుంది. అక్కడ మామూలుగా ఉండే ఎంపిక NAT కార్డుల మ్యాక్‌లను మాత్రమే ఉంచుతుంది, బ్రిడ్జ్ కార్డుకు కొత్తది పుట్టిస్తుంది. రౌటర్ పాత మ్యాక్ కోసం 50ను పట్టుకొని కూర్చుంటుంది, గెస్ట్‌కు మాత్రం వేరే అంకె వస్తుంది, ఎక్కడా తప్పు అని కనిపించదు. పాతదాన్ని తొలగించి తరలిస్తున్నట్లయితే అన్ని మ్యాక్‌లనూ ఉంచే ఎంపికను ఎంచుకోవాలి. రెండూ నడవవలసి ఉంటే కొత్త మ్యాక్ తప్పనిసరి, లేకపోతే ఇద్దరూ 50 కోసం కొట్టుకుంటారు. మ్యాక్‌లు వేర్వేరైనా రెండు ఉబుంటు క్లోన్లకు ఒకే అడ్రస్ వస్తే, అవి రౌటర్‌కు మ్యాక్‌కు బదులు క్లోన్‌తోపాటు వచ్చిన వేరొక గుర్తింపును పంపుతున్నాయని అనుమానించాలి. అప్పుడు రెండింటిలోనూ ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో ఈ చివరి వరుస చేర్చి `sudo netplan apply` ఇవ్వాలి:

```
enp0s3:
  dhcp4: true
  dhcp-identifier: mac
```

తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి అంటారు కాబట్టి, వాడికి స్థిరమైన చిరునామా ఇవ్వడానికి ఇంత తంటా ఉండటం సహజమే. ఇంత చెప్పి బెదరగొట్టానేమో కూడా. నిజానికి కేబుల్ చేతిలో ఉంటే మొత్తం పదిహేను నిమిషాల పని. తప్పు అంకె నమోదు చేశారే అనుకుందాం, దానివల్ల ఇంటిలో ఏదీ పాడు కాదు. టిక్ తీసేస్తే గెస్ట్ మునుపటిలాగే ఏదో ఒక అడ్రస్ తీసుకుంటుంది, పక్క గది టీవీ కూడా ఆగదు.