ప్రిన్సిపాల్ కొత్త సంవత్సరం మెయిల్, మూడో పాఠం: పేరు పక్కన తెలుగు ఎలా నిలబడుతుంది

తల్లిదండ్రులందరికీ శుభాకాంక్షలు పేరుపేరునా పోయేలా గూగుల్ షీటును జీమెయిల్‌కు కలిపి, పది మందికి పరీక్షగా పంపి చూడమని పోయిన పాఠంలో అన్నాను. చూశారు. ఆ తర్వాత నాకొచ్చిన ఫిర్యాదు దాదాపు ఒకటే: "సార్, మెయిల్ ‘కె గారికి నమస్కారం’ అని వెళ్లింది." ఆదోని నుంచి ఒక ప్రిన్సిపాల్ మేడమ్‌కైతే పదింట్లో మూడు "షేక్ గారికి" అని వెళ్లాయట. ముగ్గురూ వేరు వేరు షేకులే, తప్పు పేరేమీ కాదు. కానీ ఇంటిపేరుతో పిలిపించుకున్న మనిషికి అది తన కోసం రాసిన ఉత్తరంలా ఎట్లా అనిపిస్తుంది?

తప్పు నాదే. "మొదటి పేరు కాలమ్ ఎంచుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయాను. మొదటి పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉండే దేశాల కోసం తయారైన ఏర్పాటు అది. మన అడ్మిషన్ రిజిస్టర్‌లో ముందు ఇంటిపేరు, లేకపోతే దాని పొడి అక్షరం ఉంటుంది. బి. మద్దిలేటి, ఎస్. మహబూబ్ బాషా, కె. వెంకట సుబ్బా రెడ్డి. మొదటి ముక్క తీసుకుంటే "బి గారు" వస్తారు. కొందరు తెలివిగా చివరి ముక్క తీసుకునే ఫార్ములా రాశారు. దాంతో సగం సెక్షన్ "రెడ్డి గారికి", మిగతా సగం "బాషా గారికి" అయిపోయింది.

దీనికి ఫార్ములా లేదు. నేను వెతకడం మానేసి చాలా కాలమైంది. షీటులో `Pilupu` అని ఒక కొత్త కాలమ్ పెట్టండి. కాలమ్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేని ఒకే మాటగా ఉంటే మెయిల్‌లో @ కొట్టి దాన్ని పిలవడం తేలిక. ఆ కాలమ్‌ను క్లాస్ టీచర్ చేత నింపించండి, ఆఫీసు గుమాస్తా చేత కాదు. గేటు దగ్గర ఆ తల్లిదండ్రులను ఏమని పలకరిస్తారో అదే రాయమనండి, తెలుగు అక్షరాల్లో. "మద్దిలేటి గారికి, సరస్వతి గారికి" అని ఇద్దరినీ పిలిచినా సరే. ఇద్దరుంటే "గారికి" కూడా కాలమ్‌లోనే ఉండాలి, కాబట్టి అందరికీ అలాగే ఉంచి, మెయిల్‌లో విడిగా రాయకండి.

టీచర్ చేతే అని పట్టుబట్టడానికి కారణముంది. నేను ఒకప్పుడు పనిచేసిన స్కూల్లో రిజిస్టర్ నుంచి నేరుగా పేర్లు తీసి పంపాం. చనిపోయి ఏడాది దాటిన తండ్రి పేరు మీద "మీకూ మీ కుటుంబానికీ శుభాకాంక్షలు" అని ఒక మెయిల్ పోయింది. ఆ తల్లి ఫోన్ పట్టుకుని ఆఫీసుకొచ్చింది. గొడవ చేయలేదు. "పేరు మార్చండి సార్" అని మాత్రం అంది. ఆ పిల్లవాడి క్లాస్ టీచర్‌కు ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు. మేమే అడగలేదు.

ఇక నన్ను నిజంగా విసిగించే విషయానికి వస్తాను.

మీరు పంపిన నమూనాల్లో ఎక్కువ శాతం ఇంగ్లిష్ ఉత్తరం అచ్చుకు తెలుగు తొడిగినవే. ఇంగ్లిష్‌లో పిల్లల పేరు ఎక్కడ పెట్టినా వాక్యం కదలదు. తెలుగులో పేరు మారితే చుట్టూ ఉన్నవన్నీ కదులుతాయి. హారిక బొమ్మ వేసింది, చరణ్ బొమ్మ వేశాడు. మీ పాప, మీ బాబు. ఇది తప్పించుకోడానికి ఒకాయన "బాగా రాణించాడు/రాణించింది" అని గీత పెట్టి రాశారు. ఆ గీత కనపడగానే చదివేవాళ్లకు ఇది ఆరువందల మందికి పోయిన కాగితమని తెలిసిపోతుంది. ఇంకొకరు "మీ విద్యార్థి" అన్నారు. కన్నబిడ్డను తల్లి దగ్గర "మీ విద్యార్థి" అనడం ఫీజు నోటీసులో కూడా బాగుండదు.

దానికన్నా దొంగ చోటు ఇంకోటుంది. పేరు కాలమ్‌కు "కి" అతికించడం. హారికకి బాగానే వస్తుంది. చరణ్ దగ్గరికి రాగానే చూడండి: షీటులో "చరణ్" అని ఉంది, మెయిల్‌లో దాని వెంటనే మీరు "కి" పెట్టారు, రెండూ కలిసి "చరణ్కి" అయింది. క ఒత్తుగా మారి ణ కిందికి దిగిపోయింది. ఇమ్రాన్, కిరణ్, సల్మాన్, హర్షిత్, పొల్లుతో ముగిసే ప్రతి పేరుకూ ఇదే గతి. షీటులో పేరు సరిగానే ఉంటుంది, మీరు రాసిన మెయిల్ కూడా సరిగానే ఉంటుంది, రెండూ కలిసిన చోటే చెడుతుంది. అందుకే పంపేదాకా కనపడదు. మధ్యలో ఖాళీ పెడితే ఒత్తు పోతుంది కానీ "హారిక కి" అని విడిపోయి మిగతా అందరికీ అదే గుర్తు పడుతుంది. "కు" పెడితే "రవికు" వస్తుంది. మన దగ్గర "రవికు" అనే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. "ను" కూడా అంతే, "రవిను".

కాబట్టి నా పద్ధతి ఒక్కటే. పేరుకు ఏదీ అతికించను. వాక్యాన్నే అటు తిప్పుతాను.

తెలుగులో పేరును ఏమీ తగిలించకుండా నిలబెట్టే చోట్లు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి, ఆ పేరు గలవాళ్ల వస్తువు: హారిక చేతిరాత, చరణ్ చేతిరాత, ఓబులేసు చేతిరాత. "రాముడు" లాంటి "డు" పేర్లు తప్ప ఏ పేరైనా అట్లాగే కూర్చుంటుంది. రెండోది, వాళ్లు చేసిన పని: హారిక వేసిన బొమ్మ, చరణ్ వేసిన బొమ్మ. "వేసింది, వేశాడు" అని రెండుగా చీలే క్రియ "వేసిన" అనగానే ఒకటైపోయింది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే స్కూల్లో ఉంటే "హారిక, చరణ్ వేసిన బొమ్మలు". అదీ సరిపోయింది. "అతను, ఆమె" అవసరమైన చోట "తను, తన, తనే" వాడండి. అవి ఆడామగా చూడవు.

ఇది పట్టుబడితే ఉత్తరంలో అసలు కాలమ్ రాయొచ్చు. దాని పేరు `Maata`. క్లాస్ టీచర్ ఒక్కో బిడ్డ గురించి ఒక్క మాట రాయాలి. షరతు ఏమిటంటే ఆ మాట "డం"తో ముగియాలి. "చురుకైన పిల్ల", "బాగా చదువుతాడు", "గుడ్ గర్ల్" అని రాసిస్తే వెనక్కి ఇచ్చేయండి. కళ్లతో చూసిన పని కావాలి. "డం" అని నియమం పెడితే టీచర్లు పొగడ్త మాని పని రాస్తారు, ఆడామగా తేడా కూడా దానంతటదే పోతుంది. ఒకే దెబ్బకు రెండు.

ఒక ఏడో తరగతి సెక్షన్ తీసుకుందాం. హారిక పక్కన టీచర్ మొదట "మ్యాథ్స్‌లో చాలా బాగా ఇంప్రూవ్ అయింది" అని రాశారు. ఏం చూసి అన్నారు మేడమ్ అని అడిగాను. "లెక్క తప్పొస్తే కొట్టేయదు సార్, పక్కనే మళ్లీ చేసి రెండూ పెట్టి చూసుకుంటుంది" అన్నారు. అదిగో, అదే "చూసుకోవడం" అని మార్చుకుని కాలమ్‌లోకి పోవాలి. ఇమ్రాన్ గురించి ఆ మేడమ్‌కు ఏమీ తోచలేదు. రెండు రోజులు గమనించి, "మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నపిల్లల ప్లేట్లు ముందు నింపించి తను చివర్న కూర్చోవడం" అని తెచ్చారు. మార్కుల జాబితాలో ఇమ్రాన్ ఎక్కడున్నాడో నాకు తెలియదు, ఈ మాట మాత్రం మర్చిపోలేదు. బిడ్డ పేరు ఉన్న కాలమ్ `Peru`. మెయిల్ ఇట్లా తయారైంది:

```
@Pilupu నమస్కారం.

కొత్త సంవత్సరం వస్తోందని ఒక్కో క్లాస్ టీచర్‌ను
ఒక్కటే అడిగాను: ఈ ఏడు ఒక్కో బిడ్డలో మీకు
గుర్తుండిపోయిందేమిటి అని.
@Peru గురించి వచ్చిన జవాబు ఇది: @Maata.

మీరు ఇంట్లో చూసింది ఏదైనా ఉంటే ఈ మెయిల్‌కే
జవాబు రాయండి, నేనే చదువుతాను.
మీ ఇంటిల్లిపాదికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.
```

"గురించి" ముందు కూడా పేరుకు ఏదీ తగలలేదు, గమనించారా. పిల్లల పేరు మొత్తం ఉత్తరంలో ఒక్కసారే వచ్చింది. చిట్టివేలుతో గుచ్చినట్టు ప్రతి వాక్యంలో పేరు పెట్టేవాళ్లున్నారు. అది బీమా ఏజెంట్ మాట తీరులా ఉంటుంది. ఇంకో సంగతి, "@Peru నోట్సు నేనే చూశాను" అని ఒకరు రాశారు. ఆరువందల నోట్సులూ చూసి ఉంటేనే ఆ వాక్యం పెట్టండి. చూసింది టీచర్ అయితే టీచర్ అనే రాయాలి. రేపు ఎవరైనా తండ్రి జీపు దిగి "ఏం సార్, మా వాని నోట్సులో ఏముంది?" అంటే తడబడాల్సి వస్తుంది.

పంపే సంగతి పోయిన పాఠంలోనే చెప్పాను కాబట్టి రెండే ముక్కలు. @తో కలిపి పంపే ఈ ఏర్పాటు ఉచిత జీమెయిల్ ఖాతాలో ఉండదు, డబ్బు కట్టే కొన్ని వర్క్‌స్పేస్ ఖాతాల్లోనే ఉంటుంది. వాటికి రోజుకు 1,500 మంది పరిమితి, అందుకే 640 మందికి ఒకే రోజు పోతుంది. డిసెంబరు 31న అందరికీ పంపండి. అక్క పేరున ఒకటి, తమ్ముడి పేరున ఒకటి పోతే ఒకే ఇంట్లో రెండు ఉత్తరాలవుతాయి. మెయిల్ కాలమ్ A అయితే ఖాళీ కాలమ్‌లో ఇది వేసి కిందికి లాగండి:

```
=COUNTIF(A:A,A2)
```

2 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిన వరుసల్లో ఒకే మెయిల్ ఉన్నవి ఒకే తల్లిదండ్రులవి. వాళ్లను ఒకే వరుసలోకి తెచ్చి, `Peru`లో ఇద్దరి పేర్లూ కామాతో రాయండి. `Maata` మాత్రం యంత్రానికి వదలకండి, మీరే "హారికది ఇది, చరణ్‌ది ఇది" అని చేత్తో కూర్చండి. అక్కడ "ది" చేత్తో అతికిస్తున్నారు కాబట్టి చూసుకుని అతికిస్తారు.

కడప వైపు స్కూళ్లవాళ్లకు ఒక మాట. మీ దగ్గర కువైట్‌లో ఉన్న తండ్రులు ఎక్కువ. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు సాయంత్రం ఏడైతే వాళ్లకు నాలుగున్నర, ఇంకా డ్యూటీలోనే ఉంటారు. రాత్రి పదికి పంపితే రూముకు వచ్చాక చూస్తారు. నా అనుభవంలో జవాబులు ఎక్కువ రాసేది వాళ్లే, పొడుగ్గా రాసేదీ వాళ్లే. వాటికి తిరిగి జవాబు రాయడానికి జనవరి మొదటి వారంలో రెండు మధ్యాహ్నాలు ఖాళీ పెట్టుకోండి.

అభ్యాసం. ఈసారి పది మంది కాదు, మొత్తం ఒక సెక్షన్, 40 మంది. `Maata` 40 నింపించండి, ఏ రెండూ ఒకటి కాకూడదు. తర్వాత పొల్లుతో ముగిసే పేరు ఒకటి, "ఇ"తో ముగిసే పేరు ఒకటి, అన్నాచెల్లెళ్ల వరుస ఒకటి, తండ్రి లేని ఇల్లు ఒకటి, షేక్‌తో మొదలయ్యే పేరు ఒకటి ఏరి, ఆ అయిదూ మీ సొంత మెయిల్‌కే పంపుకోండి. ఫోన్లో తెరిచి, ఇంట్లో ఎవరి ముందైనా పైకి చదవండి. నోరు ఎక్కడ ఆగిందో ఆ వాక్యం నాకు పంపండి, మిగతావి వద్దు.