మతం, జెండర్, ఇంటి భాష: ప్రశ్నావళిలో ఒక్క ఖాళీ కూడా రాకపోతే

సమస్య: "ఇష్టమైతేనే చెప్పండి" అని రాసిన ఈ మూడు ప్రశ్నలకూ ప్రతి ఇంటి నుంచీ జవాబు వచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు చేసిన సర్వే అయితే ఇంటి భాష కాలమ్ అంతా తెలుగే, మతం కాలమ్ అంతా ఒకటే. చాలామంది దీన్ని మంచి సర్వే అనుకుంటారు. సవర, కువి, ఒడియా, తెలుగు కలిసి వినిపించే ఊళ్లలో ఇలాంటి డేటా వస్తే అనుమానించాల్సిందే.

మొదట ఫారమ్ చూడండి. రెండు నిమిషాల పని. దీన్నే అందరూ వదిలేస్తారు. ట్యాబ్‌లో నడిచే ఫారమ్ అయితే, దాన్ని తయారుచేసిన ఎక్సెల్ షీట్‌లో ఆ మూడు ప్రశ్నల వరుసల్లో `required` గడిలో `yes` ఉందేమో, `default` గడిలో ఏదైనా జవాబు ముందే పెట్టారేమో చూడండి. ఉంటే రెండూ తీసేయండి. జవాబుల్లో "చెప్పడం ఇష్టం లేదు" అన్నది మిగతావాటితో సమానంగా కనిపించాలి. అది లేకపోతే ప్రశ్న పేరుకే ఐచ్ఛికం.

ఫారమ్ బాగానే ఉండి కూడా ఖాళీలు రాకపోతే, తప్పు సాయంత్రం జరిగే చెకింగ్‌లో ఉంటుంది. నేను ఎక్కువగా చూసేది ఇదే. సూపర్‌వైజర్ ఫారాలు తెరిచి, ఖాళీ కనిపించినవాటిని "ఇన్‌కంప్లీట్" అని వెనక్కి పంపుతాడు. సర్వేయర్‌కి ఫారానికి ఇంత అని డబ్బు. ఒక్క గడి కోసం మళ్లీ ఆ ఊరు ఎవరు వెళ్తారు? మర్నాటి నుంచి పేరు చూసి మతం, చీర చూసి జెండర్, తాను ఏ భాషలో మాట్లాడాడో అదే ఇంటి భాష అని నింపేస్తాడు. ఫారమ్ ఎంత మర్యాదగా రాసినా ఆ ఇంటివాళ్లకు ఆ ప్రశ్న చేరనే చేరదు.

గుణుపూర్ దగ్గర ఒక ఇల్లు అనుకోండి. అత్తతో సవర, సంతలో తెలుగు, పిల్లల బడి సంగతులు ఒడియాలో. సర్వేయర్ తెలుగులో అడిగాడు, ఆవిడ తెలుగులోనే చెప్పింది, అతను "తెలుగు" అని నొక్కి ముందుకెళ్లాడు. సవర ఆ రికార్డులో లేకుండా పోయింది. మతం దగ్గర చిక్కు ఇంకా పెద్దది. క్రైస్తవులుగా మారిన దళిత కుటుంబాలకు ఎస్సీ హోదా ఉండదు కాబట్టి, ఆ జవాబు ఎవరి చేతికి పోతుందోనన్న భయం వాళ్లకు నిజంగానే ఉంటుంది. వాళ్లను అడగకుండా పేరు చూసి "క్రైస్తవం" అని రాయడం తప్పు.

ఎలా పట్టుకోవాలి: సర్వేయర్ల వారీగా విడగొట్టి చూడండి. ఒకరి దగ్గర మాత్రమే "చెప్పడం ఇష్టం లేదు" సున్నా ఉంటే అక్కడ ఆగండి. ఓడీకే కలెక్ట్ లేదా కోబో కలెక్ట్ యాప్ వాడుతుంటే ఆ ఎక్సెల్ షీట్‌లోనే `audit` అన్న వరుస చేర్చండి:

```
type,name
audit,audit
```

ప్రతి ఫారంతో పాటు `audit.csv` వస్తుంది. అందులో ఏ ప్రశ్న తెర ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అన్నది ఉంటుంది. ప్రశ్న చదివి వినిపించేంత సమయం కూడా పట్టకుండా జవాబు పడితే అడగలేదన్నమాట. మూడు ప్రశ్నలూ ఒకే తెర మీద పెడితే విడివిడి సమయాలు తెలియవు, అందుకని ఒక్కోదాన్ని ఒక్కో తెర మీద పెట్టండి. బ్రౌజర్‌లో నింపే ఫారానికి ఈ లాగ్ రాదు.

పరిష్కారం: చెకింగ్ నియమం మార్చండి. "చెప్పడం ఇష్టం లేదు"కు 98, "అడగలేదు"కు 99 అని కోడ్‌లు ఇచ్చి, 98 పూర్తయిన ఫారమే అని సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. 99 వస్తేనే కారణం అడగాలి. డబ్బు ఫారానికే, గడికి కాదని సర్వేయర్లకూ తెలియాలి.

ప్రశ్నలు ఇలా ఉంటే చాలు. "ఇంట్లో ఏయే భాషలు మాట్లాడుకుంటారు?" అని అడిగి, ఎన్నయినా గుర్తు పెట్టనివ్వండి. ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగిందన్నది వేరే గడి. మతానికి తెలిసిన పేర్లతో పాటు "మా ఆదివాసీ ఆచారం", "ఏ మతం లేదు" ఉంచండి. జెండర్‌కు స్త్రీ, పురుషుడు, ట్రాన్స్‌జెండర్, "నా మాటల్లో చెప్తాను". ఇంటి పెద్ద అందరి తరఫున చెప్పకూడదు, ఎవరిది వాళ్లనే అడగాలి. చుట్టూ ఇరుగుపొరుగు ఉంటే ట్యాబ్ వాళ్ల చేతికే ఇవ్వండి, చదవడం రానివాళ్లతో పక్కకు వెళ్లి మాట్లాడండి. మూడూ చివర్లో పెట్టి, ఎందుకు అడుగుతున్నారో ఒక్క వాక్యంలో ముందు చెప్పండి. ఆ వాక్యం రాయలేకపోతే ప్రశ్నే తీసేయండి.

సింక్ కాకపోవడం, జవాబుల కోడ్లు తారుమారవడం లాంటివి అరుదు, వాటితో మొదలుపెట్టొద్దు.

ఊహించి నింపారని తేలిన పాత జవాబులను మాత్రం సరిదిద్దబోకండి. అవన్నీ 99 చేసి, రిపోర్టులో ఆ సంఖ్య ఉన్నదున్నట్టు రాయండి.