గామా కిరణాలతో బంగారం నుంచి న్యూట్రాన్ ఊడగొట్టి, ఊడిందని ఎలా లెక్కపెట్టాలి?

న్యూక్లియస్ మీద గామా కిరణం పడితే న్యూట్రాన్ బయటికొస్తుందని పుస్తకాల్లో ఒక్క లైన్లో రాసేస్తారు, కానీ నిజంగా వచ్చిందని ఎలా తెలుస్తుంది, ఎన్ని వచ్చాయో ఎలా లెక్కేస్తారు అనేది అసలు సంగతి. దానికి బంగారం రేకు కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. సహజంగా దొరికే బంగారం అంతా ఒకటే ఐసోటోప్, గోల్డ్-197, కాబట్టి ఏది దేన్నుంచి వచ్చిందో అనే గందరగోళం ఉండదు. ఇది ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ఉన్న ల్యాబ్‌లో, రేడియేషన్ సేఫ్టీ వాళ్ళ పర్మిషన్‌తో మాత్రమే చేసే పని, ఇంట్లో చేసేది కాదు.

ముందు రెండు ఎనర్జీలు తెలుసుకోండి

మొదటిది గడప, అంటే కనీసం ఎంత ఎనర్జీ ఉంటే న్యూట్రాన్ ఊడుతుందో అది. గోల్డ్-196 బరువుకి న్యూట్రాన్ బరువు కలిపి అందులోంచి గోల్డ్-197 బరువు తీసేస్తే 0.008666 అటామిక్ మాస్ యూనిట్లు మిగుల్తుంది, దాన్ని 931.494తో గుణిస్తే 8.07 ఎంఈవీ, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇంతకన్నా తక్కువున్న గామా ఎన్ని కోట్లు పడినా న్యూట్రాన్ ఊడదు.

రెండోది రెజొనెన్స్ ఎక్కడుందో, అంటే న్యూక్లియస్ గామాని అన్నిటికంటే గట్టిగా పట్టుకునే ఎనర్జీ ఏదో. బరువైన న్యూక్లియస్‌లకి బాగా పనిచేసే ఫార్ములా ఇది:

```
E = 31.2 A^(-1/3) + 20.6 A^(-1/6)
```

E అంటే ఎంఈవీల్లో ఆ ఎనర్జీ, A అంటే న్యూక్లియస్‌లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఎన్నో ఆ సంఖ్య. A దగ్గర 197 పెడితే మొదటి ముక్క 5.36, రెండోది 8.54, మొత్తం 13.9 ఎంఈవీ. కొలిచి చూస్తే వచ్చేది సుమారు 13.7, అంటే ఫార్ములా చాలా దగ్గరకొచ్చింది.

అసలు అక్కడేం జరుగుతుందో కొంచెం ఆగి చూద్దాం, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. 14 ఎంఈవీ గామా తరంగం పొడవు దాదాపు 89 ఫెమ్టోమీటర్లు, బంగారం న్యూక్లియస్ వ్యాసార్థమేమో 7 ఫెమ్టోమీటర్లే, కాబట్టి న్యూక్లియస్ మొత్తానికి ఒకేసారి ఒకే దిక్కులో ఎలక్ట్రిక్ ఫీల్డ్ తగులుతుంది. ఆ ఫీల్డ్ ప్రోటాన్లనే లాగుతుంది, న్యూట్రాన్లకి ఛార్జ్ లేదు కదా, కానీ మొత్తం బరువు కేంద్రం కదలకుండా ఉండాలి కాబట్టి ప్రోటాన్ల గుంపు ఇటు వెళితే న్యూట్రాన్ల గుంపు అటు వెళ్తుంది, వాటిని పట్టి వెనక్కి లాగేది న్యూక్లియర్ ఫోర్సే. ఈ ఊపుకి తగ్గ ఎనర్జీతో గామా వస్తే న్యూక్లియస్ దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, ఇదే జెయంట్ డైపోల్ రెజొనెన్స్. మిగ్దాల్ 1944లోనే దీన్ని ఊహించాడు, 1947లో బాల్డ్విన్, క్లైబర్ బీటాట్రాన్ అనే ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్‌తో కొలతల్లో చూపించారు. ఊపు ఒకట్రెండు సార్లకి మించి నిలబడదు, అందుకే రెజొనెన్స్ సన్నటి గీతలా కాకుండా నాలుగైదు ఎంఈవీ వెడల్పున్న గుట్టలా ఉంటుంది. తర్వాత ఆ ఎనర్జీ లోపలి కణాలన్నిటికీ చెదిరిపోతుంది, ఆవిరి లేచినట్టు ఒక న్యూట్రాన్ బయటికొస్తుంది. ప్రోటాన్ రావాలంటే కూలంబ్ గోడ, అంటే దాని ఛార్జ్ వల్ల ఎదురయ్యే అడ్డు, దాటాలి, బంగారంలో ఆ గోడ చాలా ఎత్తు, కాబట్టి దాదాపు ఎప్పుడూ న్యూట్రానే.

రేకుని బీమ్‌లో పెట్టడం

18 ఎంఈవీ ఎలక్ట్రాన్ బీమ్‌ని నీళ్ళతో చల్లబరిచే టాంటలం లేదా టంగ్‌స్టన్ పలకకి కొట్టిస్తారు, ఎలక్ట్రాన్లు అందులో నెమ్మదించేటప్పుడు వదిలే బ్రెమ్‌స్ట్రాలుంగ్ గామాలు ముందుకి దూసుకొస్తాయి. పలక వెనక దళసరి గ్రాఫైట్ పెట్టి మిగిలిన ఎలక్ట్రాన్లని ఆపాలి. రేకుని బీమ్ లైన్ మధ్యలో సరిగ్గా పెట్టండి, గామాలు ముందు వైపుకే గుమిగూడి ఉంటాయి కాబట్టి కొద్ది మిల్లీమీటర్లు పక్కకి జరిగినా లెక్క మారిపోతుంది.

0.1 గ్రాము రేకు అనుకుందాం, అందులో 3.06 × 10^20 అణువులు. రెజొనెన్స్ ప్రాంతంలో సెకనుకి చదరపు సెంటీమీటర్‌కి 10^10 గామాలు పడుతున్నాయనీ, సగటు క్రాస్ సెక్షన్, అంటే గామాకి ఒక్కో న్యూక్లియస్ ఎంత పెద్ద గురిగా కనిపిస్తుందో చెప్పే వైశాల్యం, 300 మిల్లీబార్న్, అంటే 3 × 10^-25 చదరపు సెంటీమీటర్లు అనీ పెట్టుకుంటే సెకనుకి సుమారు 9.2 లక్షల న్యూట్రాన్లు ఊడతాయి. ఊడిన ప్రతిసారీ ఒక గోల్డ్-196 మిగుల్తుంది, దాని హాఫ్ లైఫ్ 6.17 రోజులు. గంట సేపు బీమ్ వేస్తే ఆఖర్లో యాక్టివిటీ సుమారు 4300 బెక్వెరెల్.

బీమ్ ఆగిన వెంటనే గదిలోకి వెళ్ళకండి. ఇదే రియాక్షన్ గాలిలో నైట్రోజన్ మీద కూడా జరుగుతుంది, నైట్రోజన్-13 తయారవుతుంది, దాని హాఫ్ లైఫ్ పది నిమిషాలు, కాబట్టి వెంటిలేషన్ నడుస్తుండగా ఆగి, మీటర్ చూసుకుని, సేఫ్టీ వాళ్ళు సరేనన్నాకే లోపలికి.

లెక్కపెట్టడం

ఎగిరిపోయిన న్యూట్రాన్ల వెంట పడక్కర్లేదు, వెనక మిగిలిన గోల్డ్-196నే లెక్కపెట్టండి. ఒక రోజు ఆగి రేకుని జెర్మేనియం డిటెక్టర్ ముందు పెడితే 355.7 కేఈవీ, అంటే వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పొడవాటి పీక్ లేస్తుంది, వంద డికేల్లో సుమారు 87 సార్లు ఈ గామా వస్తుంది. పక్కనే 333 దగ్గర దాంట్లో నాలుగో వంతు ఎత్తున్న చిన్న పీక్ కూడా ఉంటే అది గోల్డ్-196 అని ధైర్యంగా చెప్పొచ్చు. డిటెక్టర్ ఎఫిషియెన్సీ 1 శాతం అయితే పది నిమిషాల్లో సుమారు 20,000 కౌంట్లు వస్తాయి, అంటే కౌంటింగ్ ఎర్రర్ 0.7 శాతమే. ఆరు రోజుల తర్వాత మళ్ళీ పెట్టి చూడండి, పీక్ సగమవ్వాలి. రేకుని డిటెక్టర్‌కి మరీ ఆనించి పెడితే 333, 356 గామాలు రెండూ ఒకేసారి పడి కలిసిపోతాయి, అప్పుడు పీక్‌లో కౌంట్లు తగ్గిపోతాయి, కాబట్టి పది సెంటీమీటర్లయినా దూరం ఉంచండి.

తేడా ఎక్కడొస్తుంది

స్పెక్ట్రమ్‌లో 411.8 దగ్గర కూడా పీక్ ఉంటే అది గోల్డ్-198, హాఫ్ లైఫ్ 2.7 రోజులు. అది గామాల వల్ల వచ్చేది కాదు, పలక నుంచీ గోడల నుంచీ తిరుగుతున్న నిదానపు న్యూట్రాన్లని బంగారం మింగితే వచ్చేది. మొదటిసారి ఆ పీక్ చూసినప్పుడు నేను రేకులో ఏదో కల్తీ ఉందనుకుని రెండు రోజులు వెతికాను. అది మీ గదిలో న్యూట్రాన్లు ఎంతున్నాయో చెప్తోంది, పారేయకుండా రాసి పెట్టుకోండి.

ఇంకోటి ఇంతకంటే పెద్దది. 356 పీక్ నుంచి వచ్చిన నంబర్‌ని చాలామంది "18 ఎంఈవీ దగ్గర క్రాస్ సెక్షన్" అని రాసేస్తారు, అది తప్పు. బ్రెమ్‌స్ట్రాలుంగ్‌లో సున్నా నుంచి 18 వరకూ అన్ని ఎనర్జీల గామాలూ ఉంటాయి, తక్కువ ఎనర్జీవే ఎక్కువ, కాబట్టి మీ కౌంట్లలో ఎక్కువ భాగం గుట్ట నుంచి, అంటే 13.7 చుట్టుపక్కల నుంచే వచ్చాయి. మీ దగ్గరున్నది 8.07 నుంచి 18 దాకా మొత్తం కలిపిన కూడిక. ఒక్కో ఎనర్జీ దగ్గర విలువ కావాలంటే బీమ్ ఎనర్జీని 9, 10, 11 అంటూ పెంచుకుంటూ వేర్వేరు రేకులు కాల్చి, ఒక్కో దాంట్లో ముందు దానికంటే ఎంత పెరిగిందో చూసి విడదీయాలి. ఆ తీసివేతల్లో చిన్న ఎర్రర్లు పెద్దవైపోతాయి, అందుకే లేజర్ కాంతిని ఎలక్ట్రాన్ల మీద కొట్టి దాదాపు ఒకే ఎనర్జీ గామాలు తీసే మెషిన్లు వచ్చాయి.

అలా విడదీసినప్పుడు 15, 16 ఎంఈవీ దాటాక క్రాస్ సెక్షన్ గీత గుట్ట వాలు కంటే నిటారుగా పడిపోతే కంగారు పడకండి. 14.7 ఎంఈవీ దాటితే బంగారం నుంచి రెండు న్యూట్రాన్లు ఊడే దారి తెరుచుకుంటుంది, గామాని పట్టుకోవడం మామూలుగానే జరుగుతున్నా మిగిలేది గోల్డ్-195. దాని హాఫ్ లైఫ్ 186 రోజులు, గామా 99 కేఈవీ దగ్గర. అదే రేకుని కొన్ని వారాలు పక్కన పెట్టి, గోల్డ్-196 చాలావరకు తగ్గిపోయాక, ఎక్కువ సేపు కౌంట్ చేస్తే ఆ పీక్ దొరుకుతుంది.