పలకరింపుల డచ్ – 4వ పాఠం: పొట్టి డఖ్, పొడుగు డాఖ్

పోయిన పాఠంలో తప్పు నాదే. "డఖ్ అంటే నమస్తే, వెళ్ళొస్తాను కూడా" అని ఒక్క వాక్యం రాసేసి ముందుకు వెళ్ళిపోయాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వీధిలోకి వెళ్ళినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. "నేను పలకరించగానే వాళ్ళు లోపలికి వెళ్ళిపోతున్నారు, మనతో మాట్లాడటం ఇష్టం లేదా?" అని ఒకావిడ బాధపడుతూ రాశారు. ఇష్టం లేక కాదమ్మా. మీరు పలకరించలేదు, సెలవు తీసుకున్నారు. అందుకే ఈసారి చెప్తానన్న అంకెలు, వారాల పేర్లు పక్కన పెట్టి ఈ ఒక్క మాట దగ్గరే ఆగుదాం. ఈ పాఠాల్లో చెప్పుకుంటున్న మన తెలుగు ఇంజినీరు కథ కూడా సరిగ్గా ఇక్కడికే వచ్చింది.

గుర్తుందిగా, అతను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ ఊళ్ళో వరస ఇళ్ళ వీధిలో చివరి ఇంట్లో ఉంటాడు. డిసెంబరు చివర్లో అక్కడ తెల్లవారేసరికి 8.45 అవుతుంది, సాయంత్రం 4.30 కల్లా పొద్దు గుంకుతుంది. చీకట్లో సైకిలెక్కి ఆఫీసుకి వెళ్తాడు, చీకట్లో తిరిగొస్తాడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఎవరో "ఫైన్ వీకెంట్", అంటే వారాంతం బాగా గడపమని అంటే తనూ అంటాడు. ఆ తర్వాత సోమవారం దాకా అమ్మకి ఫోన్ చేసినప్పుడు తప్ప నోరు తెరిచే పని ఉండదు.

వారంలో ఒక్క పొద్దున మాత్రం ఇంకో మనిషి ఎదురుపడుతుంది. చెత్త బండి వచ్చే రోజు. చక్రాలున్న పెద్ద చెత్త డబ్బాని అక్కడ క్లీకో అంటారు. ఇతను తన క్లీకోని ఇటుకల కాలిబాట మీద గడగడా లాక్కుంటూ వస్తాడు, పక్కింటావిడ తనది లాక్కుంటూ వస్తుంది. అరవై దాటిన మనిషి. నీలం ఉన్ని తొడుగులున్న చేతులతో డబ్బా పిడి వీధివైపు తిప్పి పెడుతుంది. ఇతను నవ్వు మొహంతో, ఎంతో మర్యాదగా "డాఆఖ్!" అంటాడు. ఆవిడ కూడా "డాఆఖ్!" అని చెయ్యి ఊపి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది.

మూడు వారాలు ఇదే జరిగింది. తన నల్ల రంగు వల్లేమో, వంటింటి పోపు వాసన వల్లేమో అని ఏవేవో ఊహించుకుని కిటికీ మూసి వంట చేయడం మొదలుపెట్టాడు. కారణం ఒక దీర్ఘం.

డఖ్ అంటే అసలు 'రోజు'. ఎదురైనప్పుడు దాన్ని పొట్టిగా, 'పడు'లో 'ప' అన్నంత సేపే పలికి ఆపేయాలి: డఖ్. విడిపోయేటప్పుడు సాగుతుంది, రాగం తీసినట్టు ఉంటుంది: డాఆఖ్. ఎదురైన వెంటనే సాగదీస్తే, మీరు తొందరలో ఉన్నారు, వెళ్ళిపోతున్నారు అని వాళ్ళకి అర్థమవుతుంది. మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి మిమ్మల్ని ఆపరు, తామూ సెలవు చెప్పి వెళ్ళిపోతారు. చంటిపిల్లలతో ముద్దుగా మాట్లాడేటప్పుడు ఎదురైనా సాగదీస్తారు. అది విని మీరు మోసపోవద్దు, పెద్దవాళ్ళతో పొట్టిదే.

ఈ పొరపాటు మనవాళ్ళు చేస్తుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఎందుకంటే దీర్ఘం, హ్రస్వం తేడా ఉగ్గుపాలతో వచ్చినవాళ్ళం మనం. పడు, పాడు. కలం, కాలం. మెడ, మేడ. ఈ తేడా వినడానికి మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. మరి ఎక్కడ తప్పుతున్నాం? గౌరవం దగ్గర. ఏమండీ, నమస్కారమండీ, బావున్నారా అండీ అంటూ చివర సాగదీస్తేనే మనకి ఆప్యాయత చూపినట్టుంటుంది. పొట్టిగా అంటే విసురుగా, పెడసరంగా ఉంటుందని భయం. డచ్‌లో పొట్టి డఖ్ విసురు కాదు. సరిపడా మర్యాద అందులోనే ఉంది. ఇంకాస్త ఆప్యాయత కావాలంటే అచ్చుని సాగదీయకండి, పక్కన ఒక మాట చేర్చండి.

ఆ మాట బ్యూర్‌వ్రౌ. పక్కింటావిడ అని అర్థం. మగవాళ్ళయితే బ్యూర్‌మన్. పేరు తెలియకపోయినా, తెలిసినా, ఎదురుగా అలాగే పిలవచ్చు. మనం పిన్నిగారూ, బాబాయిగారూ అని వరస కలుపుకున్నట్టే ఇక్కడ ఇరుగుపొరుగే వరస. "డఖ్, బ్యూర్‌వ్రౌ" అన్నారంటే ఆగి పలకరిస్తున్నారనే తెలుస్తుంది.

తప్పు పలికారో లేదో ఎదుటివాళ్ళ మొహంలో తెలియదు, ఎలాగూ నవ్వుతారు. కాళ్ళు చూడండి. మీ మాట పూర్తయ్యేలోపే పాదాలు గుమ్మం వైపు తిరిగితే మీరు సాగదీశారని అర్థం.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. పొద్దున ఖూయెమోర్ఖె, మధ్యాహ్నం 12 దాటాక ఖూయెమిడఖ్, సాయంత్రం 6 దాటాక ఖూయెనావొంట్. ఈ మూడూ ఎక్కువగా ఎదురైనప్పుడే. వెళ్ళేటప్పుడు ఫైన డఖ్, సాయంత్రమైతే ఫైన ఆవొంట్. (ఫైన తర్వాత వచ్చే డఖ్ ఎప్పుడూ పొట్టిదే.) పుస్తకాల్లో రాసినట్టు కాకుండా చెవికి వినబడినట్టు రాస్తున్నాను, నేను నేర్చుకున్నది అలాగే. సెలవు చెప్పడానికి అందరూ డూయ్ నేర్పుతారు. అది తప్పేం కాదు. ఐండ్‌హోవెన్ ఉన్న బ్రబాంట్ వైపు మాత్రం నేను హౌడూ అంటాను. అది ఆ ప్రాంతపు మాట, జాగ్రత్త అన్నంత ఆదరంగా ఉంటుంది.

పలకరింపు తర్వాత ఏం మాట్లాడాలి? దీనికి 'హె' చాలు. మన 'కదా'కి అచ్చంగా సరిపోయే మాట. కౌట్, హె? చలిగా ఉంది కదా. నట్, హె? అంతా తడి కదా. ఖ్లట్, హె? జారుతోంది కదా. (ఇంగ్లీషులో సంతోషానికి వాడే glad మాట స్పెల్లింగే దీనికీ, అందుకే మంచు పడ్డ రోజు బోర్డు మీద ఈ మాట కనిపిస్తే మెల్లగా నడవండి.) లెకర్ వేర్, హె? లెకర్ అంటే రుచిగా అని. ఎండ బాగా కాస్తే వాతావరణం కూడా వాళ్ళకి రుచిగానే ఉంటుంది. జవాబు "యా, హె" అంటే చాలు. "హౌ ఆర్ యూ"ని డచ్‌లోకి మార్చి అడగకండి. చెత్త డబ్బా దగ్గర అంత పెద్ద ప్రశ్న అక్కర్లేదు.

నాలుగో వారం. క్లీకో మూత మీద పేరిన మంచు మీద ఎవరిదో పిల్లి అడుగులు. మన ఇంజినీరు డబ్బా నిలబెట్టి, గాలి పీల్చుకుని, పొట్టిగా అన్నాడు:

"డఖ్, బ్యూర్‌వ్రౌ. కౌట్, హె?"

నీలం తొడుగుల చెయ్యి పిడి మీదే ఆగింది. "యా, కౌట్!" అని ఆవిడ పిల్లి అడుగుల్ని చూపించి ఏదో చెప్పింది. అతనికి అర్థం కాలేదు. "సోరీ?" అన్నాడు. ఆవిడ ఇంగ్లీషులోకి మారకుండా అదే మాట మెల్లగా మళ్ళీ చెప్పింది. ఈసారి ఒక్క ముక్క అందింది: కట్. పిల్లి. "యా, కట్" అన్నాడు. ఆవిడ తన గుమ్మం చూపించింది. పిల్లి ఆవిడదే. పాదాలు అతని వైపే ఉన్నాయి. లోపలికి వెళ్ళేటప్పుడు "హౌడూ, బ్యూర్‌మన్" అంది.

అభ్యాసం: ఈ వారం మీరు నోరు తెరవద్దు. సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్ దగ్గర పొడుగు క్యూలో నిలబడి ఇరవై మంది మాటలు వినండి. ప్రతి డఖ్‌కీ కాగితం మీద పొట్టి అయితే చుక్క, పొడుగు అయితే గీత పెట్టండి. పక్కనే ఆ మనిషి వస్తున్నాడో వెళ్తున్నాడో రాయండి. ఇరవై పూర్తయ్యాకే పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళండి.