స్పానిష్‌లో గతాన్ని కథగా చెప్పేటప్పుడు ప్రెటెరిటా, ఇంపెర్ఫెక్టా: సమస్య - పరిష్కారం

స్పానిష్ క్రియారూపాలన్నీ కంఠస్థం చేసినవారు కూడా, జరిగిన ఒక సంఘటనను పది వాక్యాల్లో చెప్పమంటే రెండో వాక్యం దగ్గరే తడబడతారు. ఎందుకంటే గతాన్ని చెప్పడానికి ఆ భాషలో ప్రెటెరిట్, ఇంపెర్ఫెక్ట్ అనే రెండు రూపాలు ఒకే పేరాలో పక్కపక్కనే వస్తాయి. ఏది ఎక్కడ వాడాలన్నది కథలో ఆ క్రియ చేసే పనిని బట్టి ఉంటుంది తప్ప, క్రియ అర్థాన్ని మాత్రమే బట్టి ఉండదు. తెలుగువారు ఎక్కువగా చేసే పొరపాట్లను, వాటి కారణాలను, దిద్దుకునే పద్ధతిని ఇక్కడ ఒకే సంఘటన ఆధారంగా వివరిస్తాను. స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. బి, వి అక్షరాలు రెండింటికీ స్పానిష్‌లో ఒకే ఉచ్చారణ కనుక రెండింటినీ బకారంతోనే చూపుతున్నాను.

ఆ సంఘటన 1981 ఫిబ్రవరి 23న స్పెయిన్‌లో జరిగిన సైనిక కుట్ర. మాడ్రిడ్‌లోని పార్లమెంటు దిగువ సభలో లెయొపోల్దో కాల్బో సొతేలోను ప్రధానిగా ఎన్నుకునే ఓటింగ్ జరుగుతుండగా, లెఫ్టినెంట్ కర్నల్ అంతోనియో తెహేరో సాయుధులైన సివిల్ గార్డులతో లోపలికి చొరబడ్డాడు. సభ్యులు ఆ రాత్రంతా బందీలుగా ఉన్నారు. రాజు అర్ధరాత్రి దాటాక టెలివిజన్‌లో మాట్లాడాడు, మర్నాటికి కుట్ర విఫలమైంది. దీన్ని ఒక అభ్యాసకుడు స్పానిష్‌లో ఇలా రాశాడనుకుందాం:

"ఫువేరోన్ లాస్ సెయిస్ ఇ బెయింతిత్రేస్. లోస్ దిపుతాదోస్ బొతారోన్ క్వాందో ఎంత్రో తెహేరో. కాసీ తోదోస్ సె తిరాబాన్ అల్ సువేలో. ఎస్తాబాన్ తోదా లా నోచే ఎన్ ఎల్ కొంగ్రేసో. లా హెంతే సబీయా లా నొతీసియా పోర్ లా రాదియో. ఎల్ రెయ్ అబ్లో ఎన్ లా తెలెబిసియోన్ ఇ యెబో ఉనిఫోర్మే."

అతడు చెప్పదలచుకున్నది ఇది: సమయం ఆరూ ఇరవై మూడు, తెహేరో ప్రవేశించేసరికి సభ్యులు ఓటు వేస్తున్నారు, దాదాపు అందరూ నేలమీద పడుకున్నారు, రాత్రంతా సభలోనే ఉన్నారు, జనానికి రేడియో ద్వారా వార్త తెలిసింది, రాజు యూనిఫాం వేసుకుని టెలివిజన్‌లో మాట్లాడాడు. రూపాలన్నీ వ్యాకరణపరంగా సరైనవే అయినా ప్రతి వాక్యంలోనూ ఒక క్రియ తప్పు చోట ఉంది.

సమస్య 1: నేపథ్యం కూడా సంఘటనలా వినిపిస్తోంది

మొదటి, రెండవ, చివరి వాక్యాలలోని లోపం ఇదే. రెండో వాక్యం అర్థాన్నే మార్చివేస్తుంది. "బొతారోన్ క్వాందో ఎంత్రో తెహేరో" అంటే స్పానిష్ పాఠకుడికి తెహేరో రాగానే సభ్యులు ఓటు వేశారన్నట్టు వినిపిస్తుంది. నిజానికి ఓటింగ్ అప్పటికే సాగుతోంది, అతడి రాకతో ఆగిపోయింది. కాబట్టి అక్కడ "బొతాబాన్" అని ఇంపెర్ఫెక్ట్ రావాలి, "ఎంత్రో" అలాగే ప్రెటెరిట్‌లో ఉండాలి.

దీనికి కారణం కొంతవరకు మన భాషలోనే ఉంది. గడియారం గురించి మనం "ఆరు అయింది" అని పూర్తయిన పనిలా చెబుతాం కనుక చేయి తనంతట తానే "ఫువేరోన్" అని రాస్తుంది. కథలో గడియారపు వేళ చెప్పేటప్పుడు స్పానిష్‌లో ఎప్పుడూ ఇంపెర్ఫెక్టే వస్తుంది: "ఎరాన్ లాస్ సెయిస్ ఇ బెయింతిత్రేస్". వయస్సుకూ సాధారణంగా ఇదే పద్ధతి. "అప్పటికి నాకు పదేళ్లు" అనడానికి మనకు క్రియే అక్కర్లేదు, స్పానిష్‌లో మాత్రం "తెనీయా" అనే ఇంపెర్ఫెక్ట్ క్రియ తప్పనిసరి. యూనిఫాం విషయంలో చిక్కు ఇంకొంచెం లోతైనది. "వేసుకున్నాడు" అన్న తెలుగు మాట తొడుక్కునే పనినీ చెబుతుంది, ఒంటిమీద ఉన్న స్థితినీ చెబుతుంది. రాజు కెమెరా ముందు యూనిఫాం తొడుక్కోలేదు, అప్పటికే దానిలో ఉన్నాడు. అందుకే "యెబాబా ఉనిఫోర్మే" అనాలి.

దిద్దుకోవడానికి ప్రతి క్రియ దగ్గరా ఆగి, అది ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. "ఆ తర్వాత ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు జవాబైతే ప్రెటెరిట్, "ఆ క్షణానికి పరిస్థితి ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు జవాబైతే ఇంపెర్ఫెక్ట్. తెహేరో ప్రవేశం మొదటి ప్రశ్నకు జవాబు. వేళ, ఓటింగ్, యూనిఫాం రెండో ప్రశ్నకు జవాబులు. వెనెజులాలో పుట్టిన వ్యాకరణవేత్త ఆంద్రేస్ బెల్యో 1847 నాటి తన వ్యాకరణ గ్రంథంలో ఇంపెర్ఫెక్ట్‌కు "కొప్రెతేరితో" అని పేరు పెట్టాడు, అంటే గతంలోని మరొక సంగతితో పాటే ఉన్నది అని. పాఠ్యపుస్తకాలలో కనిపించే "అసంపూర్ణ భూతకాలం" అన్న పేరుకన్నా ఇది అభ్యాసకులకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

సమస్య 2: చాలాసేపు సాగిన పని కనుక ఇంపెర్ఫెక్ట్ వాడారు

"ఎస్తాబాన్ తోదా లా నోచే" అని రాసినవారు, రాత్రంతా సాగింది కనుక అది కొనసాగే పనే అనుకుంటారు. ఇది అన్నిటికన్నా మొండి పొరపాటు, ఎందుకంటే ఇంపెర్ఫెక్ట్‌ను "కొనసాగిన పని" అని నిర్వచించే పాఠాలే దీనికి బీజం వేస్తాయి. ఎంతసేపు సాగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ కాలాన్ని మొదలు నుంచి చివర దాకా ఒక మొత్తంగా కొలిచి చెబితే, అది ఒక్క నిమిషమైనా నలభై ఏళ్లైనా ప్రెటెరిటే వాడాలి. "తోదా లా నోచే" అనగానే రాత్రికి రెండు చివరలూ కట్టేసినట్టే, కనుక "ఎస్తుబియేరోన్ తోదా లా నోచే ఎన్ ఎల్ కొంగ్రేసో" అన్నది సరైన వాక్యం.

ఇదే సంగతిని మధ్యలో నిలబడి చూస్తే రూపం మారుతుంది. "అర్ధరాత్రికి వాళ్లు ఇంకా సభలోనే ఉన్నారు" అనాలంటే "అ మెదియానోచే తొదబీయా ఎస్తాబాన్ ఎన్ ఎల్ కొంగ్రేసో" అంటారు. మనుషులూ స్థలమూ రాత్రీ అవే అయినా, ఈసారి ముగింపు కనబడటం లేదు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా స్పష్టమవుతుంది.

"తిరాబాన్" పొరపాటు కూడా దీనికి దగ్గరిదే. చాలామంది పడుకున్నారు కనుక అది పదే పదే జరిగిన పని అనిపిస్తుంది. కానీ ఒక్కొక్కరు ఒక్కసారే పడుకున్నారు, కథ అక్కడ ఒక అడుగు ముందుకు వేసింది. కాబట్టి "సె తిరారోన్ అల్ సువేలో" అనాలి.

సమస్య 3: సూచక పదాన్ని నమ్మినా వాక్యం తప్పింది

సూచక పదాలు అక్కరకు వచ్చేవే. "అయేర్", "అనోచే" అంటే నిన్న, నిన్న రాత్రి. "దె రెపెంతే", "దె ప్రోంతో" అంటే ఉన్నట్టుండి. "దురాంతే దోస్ ఓరాస్", "త్రెస్ బేసెస్" అంటే రెండు గంటల పాటు, మూడు సార్లు. ఇవి సాధారణంగా ప్రెటెరిట్‌ను తెస్తాయి. మరోవైపు "తోదోస్ లోస్ దీయాస్" రోజూ అనీ, "అ మెనూదో" తరచుగా అనీ, "దె నీన్యో" చిన్నప్పుడు అనీ, "మియెంత్రాస్" ఒకవైపు జరుగుతుండగా అనీ అర్థమిచ్చి ఇంపెర్ఫెక్ట్‌ను తెస్తాయి. తెలుగులో "వెళ్లేవాళ్లం", "తినేవాళ్లం" అని సహజంగా వచ్చే చోట దాదాపు ఎప్పుడూ ఇంపెర్ఫెక్ట్ సరిపోతుంది. తెలుగువారికి ఇంతకన్నా మంచి సూచన లేదు.

అయితే ఈ పదాలలో ఉన్నట్టుండి అనేవీ, సంఖ్యను చెప్పేవీ ఎక్కువ నమ్మదగినవి, తేదీలు తక్కువ నమ్మదగినవి. ఆ కుట్ర గురించి స్పెయిన్‌లో ఒకరినొకరు అడిగే ప్రశ్న "దోందే ఎస్తాబాస్ ఎల్ బెయింతిత్రేస్ ఎఫే?", అంటే ఫిబ్రవరి 23న నువ్వు ఎక్కడ ఉన్నావు అని. ఖచ్చితమైన తేదీ ఉంది, అయినా క్రియ ఇంపెర్ఫెక్ట్‌లోనే ఉంది, ఎందుకంటే వార్త వచ్చే క్షణానికి ఉన్న స్థితిని అడుగుతున్నారు. దీనికి ఎదురు ఉదాహరణ "తోదోస్ లోస్ దీయాస్". "చిన్నప్పుడు రోజూ బీచ్‌కు వెళ్లేవాణ్ణి" అంటే "ఈబా", కానీ "ఆ వారం రోజూ వెళ్లాను" అంటే "అకేయా సెమానా ఫుయి తోదోస్ లోస్ దీయాస్". వారం అనే హద్దు పడగానే, రోజూ అన్న మాట ఉన్నా ప్రెటెరిట్ వచ్చింది. అందుచేత సూచక పదం కనబడగానే రూపాన్ని ఖాయం చేయకుండా, ఆ పదం కాలానికి హద్దు గీస్తోందా, లేక ఒక క్షణాన్ని చూపి ఊరుకుంటోందా అన్నది పరిశీలించాలి. "క్వాందో" విషయంలో మరింత జాగ్రత్త అవసరం, అది రెండు రూపాలతోనూ సమానంగా కలుస్తుంది.

సమస్య 4: రూపం మారగానే క్రియ అర్థమే మారిపోయింది

"లా హెంతే సబీయా లా నొతీసియా పోర్ లా రాదియో" అంటే జనానికి ఆ వార్త ముందే తెలుసన్నట్టు ధ్వనిస్తుంది. వార్త రేడియోలో వినగానే తెలిసింది కనుక "సూపో" అనాలి. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవారికి ఈ తేడా కష్టంగా తోస్తుంది, మనకు మాత్రం అది పుట్టుకతో వచ్చిందే. "తెలుసు" అన్న స్థితికి "సబీయా", "తెలిసింది" అన్న మలుపుకు "సూపో". అలాగే "అతను నాకు పరిచయమే" అన్న అర్థానికి "కొనొసీయా", "పరిచయమయ్యాడు" అంటే "కొనొసీ". "పొదీయా" అంటే చేయగలిగే వీలు ఉండేదని మాత్రమే. చేశారో లేదో వాక్యం చెప్పదు. "పూదో" అంటే చేయగలిగాడు, అంటే చేశాడు. "నో కెరీయా" అంటే ఇష్టం లేకపోయిందని, "నో కీసో" అంటే ఒప్పుకోలేదని. ఈ క్రియల దగ్గర స్పానిష్ నియమాన్ని గుర్తుచేసుకోవడం కన్నా, తెలుగు వాక్యాన్ని ముందు సరిగ్గా మనసులో అనుకుని ఆ తర్వాత రూపాన్ని ఎంచుకోవడం మేలు.

దిద్దిన పేరా ఇలా ఉంటుంది: "ఎరాన్ లాస్ సెయిస్ ఇ బెయింతిత్రేస్. లోస్ దిపుతాదోస్ బొతాబాన్ క్వాందో ఎంత్రో తెహేరో. కాసీ తోదోస్ సె తిరారోన్ అల్ సువేలో. ఎస్తుబియేరోన్ తోదా లా నోచే ఎన్ ఎల్ కొంగ్రేసో. లా హెంతే సూపో లా నొతీసియా పోర్ లా రాదియో. ఎల్ రెయ్ అబ్లో ఎన్ లా తెలెబిసియోన్, యెబాబా ఉనిఫోర్మే." ఇందులోని ప్రెటెరిట్ క్రియలను మాత్రమే ఏరి వరుసగా చదవండి: ప్రవేశించాడు, పడుకున్నారు, రాత్రంతా ఉన్నారు, తెలిసింది, మాట్లాడాడు. కథ తెగకుండా నిలిచింది. మీరు రాసిన పేరాను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. ఏరిన క్రియలలో ఏదైనా కథను కదిలించకపోతే దాన్ని ఇంపెర్ఫెక్ట్‌గా మార్చి చూడాలి. కథలో ఒక మెట్టు కనబడకపోతే, అది ఇంపెర్ఫెక్ట్ క్రియలలో చిక్కుకుని ఉందేమో వెతకాలి.

ఈ పరీక్ష పనిచేయని చోటు

స్పానిష్ పత్రికలలోనూ చరిత్ర రచనల్లోనూ "అ లాస్ సెయిస్ ఇ బెయింతిత్రేస్ తెహేరో ఎంత్రాబా ఎన్ ఎల్ కొంగ్రేసో" వంటి వాక్యాలు ఎదురవుతాయి. ఒక్కసారే జరిగిన పనిని, నిర్దిష్టమైన వేళతో సహా, ఇంపెర్ఫెక్ట్‌లో చెప్పడం అది. దృశ్యాన్ని కళ్ల ముందు నిలిపి ఉంచడానికి రచయితలు కావాలని చేసే ప్రయోగం కనుక, వాక్యం మొదట్లో ఖచ్చితమైన వేళ లేదా తేదీ ఉండి, క్రియ తీసి ప్రెటెరిట్ పెట్టినా సంగతి మారకపోతే అది ఇదేనని గుర్తించవచ్చు. చదివేటప్పుడు దీన్ని ప్రెటెరిట్‌గానే అర్థం చేసుకోవాలి. సొంతంగా రాసేటప్పుడు మాత్రం, ముఖ్యంగా పరీక్షలలో, "ఎంత్రో" అనే రాయాలి.