ఆదివారం సాయంత్రం గుబులు – 3వ పాఠం: నాలుగు వారాల చీటీలు చదవడం

రేపటి ఉద్యోగం తలుచుకుని ఆదివారం సాయంత్రం పట్టే గుబులుకు అసలు కారణం ఏమిటో తేల్చడానికే ఈ చీటీలు. గత పాఠంలో చెప్పినట్టు రాసి ఉంటే, ఈపాటికి నాలుగు ఆదివారాల చీటీలు మీ చేతిలో ఉండాలి. ఒక్కో చీటీలో గుబులు మొదలైన వేళ, దాని తీవ్రతకు 0 నుంచి 10 లోపు ఒక అంకె, ఆ క్షణాన కళ్ళ ముందు మెదిలిన దృశ్యం, ఆ పొద్దున మీరు నిద్రలేచిన సమయం ఉంటాయి. ఒక వారం తప్పిపోయినా నష్టం లేదు. సోమవారం కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన చీటీ ఉంటే మాత్రం దాన్ని పక్కన పెట్టేయండి. సోమవారం బాగా గడిస్తే ఆదివారం గుబులు చిన్నదిగా, చెడ్డగా గడిస్తే పెద్దదిగా గుర్తుంటుంది. ఆ అంకెను నమ్మలేం.

చీటీల్లో ముందుగా చూడాల్సింది నిద్ర. పనిరోజుల్లో ఆరున్నరకు లేచే మనిషి శని, ఆదివారాల్లో తొమ్మిదిన్నరకు లేస్తే, ఆదివారం రాత్రి పదిన్నరకు పక్క ఎక్కినా ఒంటికి అది ఇంకా నిద్రవేళ కాదు. పనిరోజులకూ సెలవు రోజులకూ మధ్య వచ్చే ఈ తేడాకు నిద్రవేళల పరిశోధకుడు టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టింది. నిద్ర పట్టక చీకట్లో దొర్లుతున్న మనసుకు దగ్గర్లో దొరికేది రేపటి ఆఫీసే. కాబట్టి మీ చీటీల్లో గుబులు పడుకున్నాకే మొదలవుతుంటే, వచ్చే రెండు వారాంతాలు మామూలు వేళకు గంట తేడాలోపే లేచి చూడండి. గుబులు సగానికి సగం తగ్గితే, ఆ సగం ఉద్యోగానిది కాదు. సాయంత్రం నాలుగింటికే మొదలయ్యే గుబులుకు మాత్రం ఈ లెక్క సరిపోదు.

అప్పుడు దృశ్యం దగ్గరికి రావాలి. అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది. చాలామంది ఇక్కడ ‘ఆఫీసు’ అనో ‘పని ఒత్తిడి’ అనో రాసి ఊరుకుంటారు. దాంతో ఏమీ తేలదు. ఏ గది, ఎన్ని గంటలకు, ఎవరు మాట్లాడుతున్నారు, అక్కడ మీరేం చేస్తున్నారు అన్నవి తెలిసేదాకా రాయాలి.

ఒకరి చీటీలు తీసుకుని చదువుదాం. సరుకు నిల్వల వారపు రిపోర్ట్ తయారుచేసే ఉద్యోగి అనుకోండి. మొదటి వారం: సాయంత్రం 5:10, తీవ్రత 6, ‘రేపు రిపోర్ట్’. రెండో వారం: 4:30, తీవ్రత 7, ‘11 గంటల మీటింగ్. మేనేజర్ తెర మీద ఒక అంకె చూపించి ఇదెందుకిలా ఉంది అంటున్నారు’. మూడో వారం: 7:45, తీవ్రత 3, ‘ప్రత్యేకంగా ఏమీ లేదు’. నాలుగో వారం: 4:40, తీవ్రత 7, ‘మూడు గోడౌన్లలో రెండింటి షీట్లు ఇంకా రాలేదు’.

పైపైన చదివితే ఈ మనిషికి మేనేజర్ అంటే భయం అనిపిస్తుంది. మూడో వారం మీటింగ్ రద్దయిందని కూడా తెలిస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. కానీ నాలుగో చీటీలో మేనేజర్ లేనే లేరు, అయినా అంకె 7 దగ్గరే ఉంది. 7 పడ్డ రెండు చీటీల్లోనూ ఉన్నది మరొకటి: నిల్వల లెక్కలు పంపేది గోడౌన్ల వాళ్ళు, జవాబు చెప్పేది ఈయన. షీట్లు ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం ఈయనకు లేదు. రద్దయిన వారం జవాబు చెప్పాల్సిన పని తప్పింది కనుకే అంకె పడిపోయింది.

పని బరువు ఒక్కటే మనిషిని నలపదనీ, బరువు ఎక్కువై దాని మీద అదుపు తక్కువైనప్పుడు నలిగిపోతాడనీ పని ఒత్తిడి మీద పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. ఇక్కడ కనిపిస్తున్నది ఆ అమరికే. ఈయనకు ధైర్యం చెప్పడం వల్లా, ఆదివారం సాయంత్రం నడకకు పంపడం వల్లా షీట్లు తొందరగా రావు. మార్చాల్సింది షీట్లు వచ్చే వేళను. షీట్ల గడువు శుక్రవారం మధ్యాహ్నం మూడు. రిపోర్ట్‌లో ‘అందిన సమయం’ అని కొత్త గడి. గడువు దాటిన గోడౌన్ వరుస ఖాళీగానే వెళ్తుంది, దానికి మీటింగ్‌లో ఆ గోడౌన్ ఇన్‌ఛార్జే జవాబు చెప్పాలి. ఈ మార్పుకు మేనేజర్ అనుమతి కావాలి. అడిగేటప్పుడు ‘నాకు ఒత్తిడిగా ఉంది సార్’ అంటే మాట ఓదార్పు దగ్గర ఆగిపోతుంది. ‘షీట్లు శుక్రవారానికి వస్తే తేడాలు నేను ముందే సరిచూసి, మీటింగ్‌లో మీకు జవాబుతో సహా ఇవ్వగలను సార్’ అంటే చర్చ గడువు మీద జరుగుతుంది.

మార్పు అమల్లోకి వచ్చాక మూడు ఆదివారాలు మళ్ళీ చీటీలు రాయాలి. 7 కాస్తా 3 దగ్గరికి వస్తే మనం చదివింది సరైనదే. సున్నా కోసం చూడకండి. సెలవు అయిపోతోందన్న దిగులు ఎంత మంచి ఉద్యోగంలోనైనా కొంత ఉంటుంది. అంకె కదలకుండా దృశ్యం మాత్రం మారితే, ఉదాహరణకు షీట్లన్నీ వచ్చినా మేనేజర్ గొంతే వినిపిస్తుంటే, మనం పట్టుకున్నది సగం కారణమే. ఆ దృశ్యంలో అడగడం కాక అవమానించడం ఉంటే గడువులు మార్చి ప్రయోజనం లేదు. తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారు అన్నవి రాసిపెట్టుకోవడం అక్కడ పని.

మీ నాలుగు చీటీల్లో నాలుగు వేర్వేరు దృశ్యాలుంటే ఏ ఒక్క పనినీ తప్పుపట్టకండి. మొత్తం పని పరిమాణమే ఎక్కువై ఉండొచ్చు. అసలు దృశ్యమే రాకుండా అంకె మాత్రం పెద్దగా ఉంటే అది మరో రకం. భయపెట్టేదేమీ లేదు, ఎదురుచూసేదీ ఏమీ లేదు. దీన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే అలాంటి వాళ్ళు ‘ఉద్యోగంలో ఏ ఇబ్బందీ లేదండీ’ అనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. దీనికి విడిగా ఒక పాఠం ఉంది.

అనుమానం తీరకపోతే ఒక సోమవారం సెలవు పెట్టి చూడండి. ఆదివారం తేలిగ్గా గడిచి, అదే దృశ్యం అదే అంకెతో సోమవారం సాయంత్రానికి వాయిదా పడితే, గుబులు సోమవారం పనుల్లో లేదు, ఉద్యోగం మొత్తంలో ఉంది. మంగళవారం ముందు సాయంత్రం కూడా అంకె చిన్నగానే ఉంటే, సోమవారానికే కట్టుబడిన పని ఏదో ఉందన్నమాట.

పడుకునే ముందు రేపటి పనులు రాసుకోవడం చాలామందికి తెలిసిన చిట్కా. నిద్ర పరిశోధకుడు మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్ళు, పూర్తిచేసిన పనులు రాసినవాళ్ళకంటే త్వరగా నిద్రపోయారు. పనికొచ్చేదే, కానీ చీటీలు రాసే వారాల్లో మొదలుపెట్టకండి. అది అంకెను కిందికి దించితే, ఉద్యోగం చెబుతున్న మాట మనకు వినపడకుండా పోతుంది.

ఈ చీటీలతో తేలని పరిస్థితి ఒకటుంది. గుబులు బుధవారమూ శనివారం పొద్దునా కూడా అంతే ఉండి, రెండు వారాలుగా నిద్ర, ఆకలి తగ్గి, ఇష్టమైనవి కూడా రుచించకపోతే చీటీలు ఆపి డాక్టర్ని కలవండి.

వచ్చే పాఠానికి చేయాల్సినవి: ఎక్కువ అంకె పడ్డ రెండు చీటీలు పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ ఉన్నది ఒక్క వాక్యంలో, ‘ఫలానాది నా బాధ్యత, ఫలానాది నా చేతిలో లేదు’ అన్న రూపంలో రాయండి. వాక్యం ఆ రూపంలో ఇమడకపోతే బలవంతంగా ఇరికించకండి, ఉన్నదున్నట్టే తీసుకురండి. 4వ పాఠం అలాంటి వాక్యాలతోనే మొదలవుతుంది.