మన సర్వే పేరాతో ఇంకో టీమ్ అవే ఇళ్లకు చేరలేకపోతే: సమస్య - పరిష్కారం

ఉమ్మడి మహబూబ్‌నగర్ వైపు ఒక సర్వే రిపోర్టులో నేనే ఇలా రాశాను: "గ్రామంలోని కుటుంబాల నుంచి 22 ఇళ్లను సిస్టమాటిక్ పద్ధతిలో ఎంచుకున్నాం." రెండేళ్లకు మరో టీమ్ అదే పని మళ్లీ చేయబోయి ఫోన్ చేసింది. వాళ్లడిగిన ప్రశ్నల్లో సగానికి నా పేరాలో జవాబు లేదు.

లక్షణం: రెండో టీమ్ వేరే ఊరికి వెళ్లింది

ఊరి పేరు ఒక్కటే రాస్తే ఇలా అవుతుంది. రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ, ఆవాసం, ఈ మూడూ ఒకటి కావు. మనం 2011 జనాభా లెక్కల గ్రామాల జాబితా వాడితే అందులో ఉండేది రెవెన్యూ గ్రామం. తెలంగాణలో 2016లో జిల్లాలు, మండలాలు మారాయి. 2018 చట్టం తర్వాత చాలా తండాలు విడి పంచాయతీలయ్యాయి. కాబట్టి ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో అడిగితే ఆ తండా "మా ఊరు కాదు" అంటారు. జాబితా ప్రకారం మాత్రం అది అదే ఊరు.

పరిష్కారం: జాబితా ఏ సంవత్సరానిదో, ఊరి 2011 సెన్సస్ కోడ్ ఏమిటో, ఇళ్లన్నీ వరుసగా రాసుకున్న లిస్టింగ్‌లో ఏయే ఆవాసాలు కలిశాయో పేరుపేరునా రాయాలి. వదిలేసినవి ఉంటే అవి కూడా.

లక్షణం: ఇళ్ల మొత్తం తేడా వస్తోంది

మా లెక్క 187, వాళ్ల లెక్క 160 చిల్లర. వాళ్లు ఇంటి నంబర్లు లెక్కపెట్టారు, మేం పొయ్యిలు లెక్కపెట్టాం. ఒకే కప్పు కింద వేరుపడ్డ అన్నదమ్ములు విడిగా వండుకుంటే మాకు రెండు కుటుంబాలు. "ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం" అన్న వాక్యం రిపోర్టులో లేకపోవడమే కారణం. దానితోపాటు లిస్టింగ్ చేసిన తేదీలు, తాళం వేసిన ఇళ్లను జాబితాలో ఉంచామా లేదా అన్నదీ రాయాలి. ఓటరు జాబితాతో పని కానిచ్చేస్తే మాత్రం అది కుటుంబాల జాబితా కాదు, ఆ మాట దాచకుండా చెప్పాలి.

లక్షణం: జాబితా ఒకటే, ఎంపికైన ఇళ్లు వేరు

అసలు చిక్కు ఇక్కడుంది. 187 ఇళ్లలో 22 కావాలంటే, జాబితాలో ఎన్ని ఇళ్లకొకటి తీసుకోవాలో చెప్పే ఇంటర్వెల్ 187 ÷ 22 = 8.5. సూపర్‌వైజర్ దాన్ని 8 చేసేశాడనుకోండి. 1 నుంచి 8 లోపు ఒక అంకెతో మొదలుపెట్టి 22 ఇళ్లు రాగానే ఆపేస్తే, చివరి ఇల్లు ఎంత దూరం పోయినా 8 + 21 × 8 = 176 దగ్గర ఆగుతుంది. 177 నుంచి 187 వరకు ఉన్న పదకొండు ఇళ్లకు ఎంపికయ్యే అవకాశమే లేదు. లిస్టింగ్ ఊరి నడిబొడ్డు నుంచి మొదలైతే ఆ చివరి ఇళ్లు ఎవరివో ఊళ్లు తిరిగినవాళ్లకు తెలుసు: తరచూ ఎస్సీ కాలనీవో, తండావో.

సరైన పద్ధతి, దశాంశాన్ని చివరిదాకా ఉంచడం. సున్నాకు పైన, 8.5 దాటకుండా ఒక ర్యాండమ్ అంకె తీస్తాం. మాది 3.27. దానికి 8.5 చొప్పున కలుపుతూ పోయి, ప్రతిసారీ వచ్చినదాన్ని పై పూర్ణాంకానికి మారుస్తాం:

```
3.27 → 4
11.77 → 12
20.27 → 21
...
181.77 → 182
```

ఇప్పుడు 187 ఇళ్లకూ సమాన అవకాశం, 22/187. రిపోర్టులో ఇంటర్వెల్, మొదటి అంకె, అంకెను ఎలా తీశారు, ఎటు రౌండ్ చేశారు అన్న నాలుగూ ఉండాలి. ఇవున్నా లిస్టింగ్ ఏ మూల నుంచి మొదలై ఎటు తిరిగిందో తెలియకపోతే 12వ ఇల్లు ఏదో తెలీదు. అందుకే చేత్తో గీసిన మ్యాప్‌ను కూడా స్కాన్ చేసి జతచేయాలి.

పేరా సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. సర్వేలో లేని ఒకరికి ఆ పేరా, పేర్లు తీసేసిన లిస్టింగ్ షీటు ఇచ్చి ఇళ్లకు టిక్కు పెట్టమనండి. 22 నంబర్లూ కలవకపోతే ఏ వాక్యం లేదో వాళ్లే అడుగుతారు.

లక్షణం: ఎంపికైన నంబర్లు కలిశాయి, ఇంటర్వ్యూ చేసిన ఇళ్లు కలవలేదు

తాళం ఉన్నచోట పక్కింటికి వెళ్లి ఉంటారు. వలస కాలంలో ఇలా చేస్తే ఊళ్లో మిగిలినవాళ్లే శాంపిల్‌లో నిండుతారు, పనికి వెళ్లినవాళ్లు మాయమవుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బదులు ఇళ్లను అనుమతించదు. మనమూ అలాగే వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లి, అప్పటికీ దొరకకపోతే "తాళం", "నిరాకరణ", "వలస" అని కోడ్ వేసి వదిలేయడం మేలు. ఇప్పటికే బదులు ఇళ్లు తీసుకుని ఉంటే ఎన్ని, ఏ నంబర్లకు బదులు, ఏ నియమంతో అన్నది ఊరివారీగా రాయండి. మా రిపోర్టులో 22లో 3 బదులు ఇళ్లని తర్వాత బయటపడింది. ఆ వివరాన్ని సవరణగా చేర్చి రెండో టీమ్‌కు పంపాం.